మీకు తెలుసా? నీళ్లలో పడితే కటకం నీరుగారిపోతుంది

ఒకే గాజుపూస ఎరుపు కాంతికి కుంభాకార కటకంగా, నీలి కాంతికి పుటాకార కటకంగా పనిచేయగలదు

వినడానికి నమ్మబుద్ధి కాదు. గాజుపూస ఆకారం మారదు, లోపలి గాజూ మారదు. అయినా ఇది నిజం. ఈ సంగతి బెంగళూరులో సర్ సి.వి. రామన్ మనసును బాగా ఆకట్టుకుంది. ఆయన చిన్నతనం, బడి చదువు విశాఖపట్నంలో గడిచాయి. తండ్రి అక్కడి ఏవీఎన్ కళాశాలలో అధ్యాపకులు. 1930లో నోబెల్ బహుమతి అందుకుని, 1933లో భారతీయ విజ్ఞాన సంస్థ డైరెక్టరుగా బెంగళూరు వచ్చిన రామన్, అక్కడ పదవీ విరమణ చేశాక 1948లో తన సొంత పరిశోధన సంస్థలో పని మొదలుపెట్టారు. మరుసటి ఏడాదే, 1949లో, క్రిస్టియన్‌సెన్ ప్రయోగం మీద వ్యాసం రాశారు. గుండ్రని పూసలతో చేసిన అదే ప్రయోగం గురించి శిష్యుడు ఎస్. రామశేషన్‌తో కలిసి మరో వ్యాసం వెలువరించారు.

ఆ ప్రయోగాన్ని మొదట చేసింది డెన్మార్క్ భౌతిక శాస్త్రవేత్త క్రిస్టియన్ క్రిస్టియన్‌సెన్, 1884లో. పద్ధతి తేలికే. గాజును పొడిచేసి సీసాలో పోస్తారు. గాలిలో ఆ పొడి తెల్లగా, ఉప్పులా కనిపిస్తుంది. ప్రతి రేణువు దగ్గరా కాంతి వంగి, ప్రతిఫలించి, అన్ని వైపులా చెదిరిపోతుంది కాబట్టి ఆ తెలుపు వస్తుంది. ఇప్పుడు బెంజీన్, కార్బన్ డైసల్ఫైడ్ కలిపిన ద్రవాన్ని అందులో పోస్తారు. ఆ రెండిటి పాళ్లు మారిస్తే ద్రవం వక్రీభవన గుణకాన్ని మనకు కావలసిన చోటికి తేవచ్చు. గాజు గుణకానికీ ద్రవం గుణకానికీ సరిగ్గా పొత్తు కుదిరిన చోట, సీసా వెనకున్న దీపం చిక్కటి రంగులో వెలుగుతూ కనిపిస్తుంది. సీసాలో రంగుపొడి గానీ, రంగు ద్రవం గానీ ఏమీ లేవు.

ఆ రంగు ఎలా వచ్చిందో పూసతో ఆలోచిస్తే చక్కగా తెలుస్తుంది. ఏ పదార్థం గుణకమైనా రంగును బట్టి కొద్దిగా మారుతుంది. ఎరుపుకు తక్కువ, నీలానికి ఎక్కువ. ఈ ద్రవాల్లో ఆ తేడా గాజులో కంటే బాగా ఎక్కువగా ఉంటుంది. ఉదాహరణకు పసుపు కాంతికి గాజు, ద్రవం రెండూ 1.520 దగ్గర కలిశాయనుకుందాం. ఎరుపు దగ్గర గాజు 1.517కు దిగితే, ద్రవం 1.514కు దిగుతుంది. అంటే ఎరుపుకు సంబంధించినంతవరకు గాజుదే పైచేయి. నీలం దగ్గర గాజు 1.526కు ఎక్కితే, ద్రవం 1.533కు ఎక్కుతుంది. అక్కడ ద్రవానిదే పైచేయి.

పూస వ్యాసార్థం R, పూస గుణకాన్ని ద్రవం గుణకంతో భాగిస్తే వచ్చే సంఖ్య m అయితే, పూస కేంద్రం నుంచి నాభి దాకా దూరం ఇలా ఉంటుంది:

f = mR / 2(m − 1)

అర మిల్లీమీటరు వ్యాసార్థం ఉన్న పూసకు పై సంఖ్యలు వేసి చూడండి. ఎరుపు కాంతి దాదాపు 12.6 సెంటీమీటర్ల దూరాన ఒకచోట చేరుతుంది. నీలి కాంతి మాత్రం పూసకు వెనక దాదాపు 5.4 సెంటీమీటర్ల దూరంలోని బిందువు నుంచి విడివడుతున్నట్టు బయటికి వస్తుంది. పసుపు కాంతికి అక్కడ పూస ఉన్నట్టే తెలియదు, తిన్నగా దాటిపోతుంది. ఒక్క పూస వల్ల వచ్చే వంపు చాలా స్వల్పం. కానీ సీసాలో ఒకదాని వెనక ఒకటిగా ఎన్నో పూసలుంటాయి. ఎరుపు, నీలం దారి తప్పి తప్పి చెదిరిపోతాయి, పసుపు ఒక్కటే నేరుగా మన కంటికి చేరుతుంది.

పూసలు పెద్దవైతే ఈ కిరణాల లెక్క సరిపోతుంది. మెత్తటి పొడి దగ్గర సరిపోదు. అక్కడ కాంతిని తరంగంగా తీసుకుని, గాజు గుండా వచ్చిన భాగం, ద్రవం గుండా వచ్చిన భాగం ఎంత ముందూ వెనకా అయ్యాయో చూడాలి.

ఇంకో ముచ్చట. ఆ సీసాను కొద్దిగా వేడిచేస్తే రంగు మారిపోతుంది. ఒక డిగ్రీ వేడెక్కితే ఇలాంటి ద్రవం గుణకం దాదాపు 0.0006 తగ్గుతుంది. గాజు గుణకం దాదాపు కదలదు. అయిదు డిగ్రీలు పెరిగితే ద్రవం 0.003 దిగుతుంది. అప్పుడు రెండూ కలిసే చోటు పసుపు నుంచి ఆకుపచ్చ వైపు జరుగుతుంది. బెంగళూరులో చలికాలపు ఉదయానికీ మధ్యాహ్నానికీ మధ్య వేడి పది డిగ్రీలకు పైగా మారడం మామూలే. కాబట్టి ఈ సీసాను ఊరికే బల్ల మీద ఉంచితే, ఉదయం చూసిన రంగు మధ్యాహ్నానికి ఉండదు. వడపోత గాజులా వాడాలంటే సీసా వేడిని ఒకేచోట నిలిపి ఉంచాలి. ఈ పద్ధతి అసలు చిక్కు అక్కడే. బెంజీన్ ఆరోగ్యానికి చాలా చెడ్డది, కార్బన్ డైసల్ఫైడ్ ఇట్టే అంటుకుంటుంది. అందువల్ల దీన్ని ఇంట్లో ప్రయత్నించవద్దు. ఇంట్లో చేయదగ్గది ఇంకొకటుంది, కాసేపట్లో దానికి వస్తాను.

కటకం శక్తి గాజులో లేదు, సరిహద్దులో ఉంది

పూస కథంతా ఒక చిన్న సూత్రంలో ఇమిడి ఉంది. పదో తరగతిలోనో ఇంటర్లోనో అందరూ చదివిందే. ఒకే ఒక గోళాకార తలం దగ్గర కాంతి ఒక యానకం నుంచి మరో యానకంలోకి వెళ్తున్నప్పుడు:

n2/v − n1/u = (n2 − n1)/R

ఇందులో n1 కాంతి వస్తున్న వైపు గుణకం, n2 వెళ్తున్న వైపు గుణకం. u వస్తువు దూరం, v ప్రతిబింబ దూరం, R తలం వక్రతా వ్యాసార్థం. అన్నీ తలం మధ్యబిందువు నుంచి కొలవాలి. కాంతి వెళ్లే దిశలో కొలిస్తే ధనం, ఎదురు దిశలో కొలిస్తే రుణం.

కుడివైపున్న (n2 − n1)/R అనేదే ఆ తలం సామర్థ్యం. కంటి వైద్యులు R ను మీటర్లలో వేసి, వచ్చిన సంఖ్యను డయాప్టర్లు అంటారు. పైభాగంలో ఉన్నది తేడా మాత్రమేనని గమనించండి. గాజు ఎంత గొప్పదైనా పక్కనున్న పదార్థం దానికి సమానమైతే ఆ తేడా సున్నా, తలం చేసే పనీ సున్నా. R అనంతమైతే, అంటే తలం చదునుగా ఉంటే, తేడా ఎంత పెద్దదైనా సామర్థ్యం సున్నాయే. ఈ రెండో మాటను గుర్తుంచుకోండి, చివర్లో ఒక రోగి కంట్లో పనికొస్తుంది.

కటకానికి రెండు తలాలుంటాయి. మొదటి తలం ఇచ్చిన ప్రతిబింబాన్ని రెండో తలానికి వస్తువుగా తీసుకుని, కటకం మందాన్ని వదిలేసి, రెండు సమీకరణాలనూ కూడితే కటక తయారీ సూత్రం వస్తుంది:

1/f = (n కటకం / n ద్రవం − 1)(1/R1 − 1/R2)

దీనికి రెండు షరతులున్నాయి. కటకం పలచగా ఉండాలి, రెండు వైపులా ఒకే ద్రవం ఉండాలి. రెండో షరతును చాలామంది మరచిపోతారు. ఒకవైపు గాలి, ఒకవైపు నీళ్లు ఉంటే ఈ సూత్రం చెల్లదు. అప్పుడు మళ్లీ మొదటికి వెళ్లి ఒక్కో తలాన్ని విడివిడిగా లెక్కకట్టాలి. పై పూస పలచన కాదు కాబట్టి దానికీ రెండు తలాలనూ విడిగానే లెక్కించాలి. f = mR/2(m − 1) అలా వచ్చిందే.

భూతద్దం నీళ్లలో మునిగితే నాభ్యంతరం నాలుగింతలవుతుంది

గాజు గుణకం 1.5, నీటి గుణకం 4/3. గాలిలో (n − 1) విలువ 0.5. నీళ్లలో 1.5ను 4/3తో భాగిస్తే 1.125, అందులోంచి ఒకటి తీసేస్తే 0.125. సరిగ్గా నాలుగో వంతు. గాలిలో 20 సెంటీమీటర్ల నాభ్యంతరం ఉన్న కటకానికి నీళ్లలో 80 సెంటీమీటర్లు.

తెలంగాణ పదో తరగతి పుస్తకంలో ఈ ప్రయోగమే ఉంది. లోతైన గాజుపాత్ర అడుగున నల్లరాయి పెట్టి, నీళ్లు పోసి, అందులో కటకాన్ని అడ్డంగా దించి పైనుంచి చూడమంటారు. పాత్ర ఎత్తు నాభ్యంతరానికి సుమారు నాలుగింతలు ఉండాలని అక్కడ చెబుతారు. ఆ నాలుగు ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు అర్థమవుతుంది.

ఇంట్లో బకెట్టుతోనూ చేయవచ్చు. 10 సెంటీమీటర్ల నాభ్యంతరం ఉన్న చేతి భూతద్దం తీసుకోండి. ఖాళీ బకెట్టు అడుగున రూపాయి బిళ్ల వేసి, దానికి 15 సెంటీమీటర్ల ఎత్తున భూతద్దం పట్టి, మీ కంటిని మూర ఎత్తుకు మించి పైన ఉంచి చూడండి. బిళ్ల తలకిందులుగా కనిపిస్తుంది. నాభి దాటి ఉన్న వస్తువుకు తలకిందుల నిజ ప్రతిబింబం రావాలి కదా. లెక్క ప్రకారం అది కటకానికి 30 సెంటీమీటర్ల పైన, రెండింతల పరిమాణంలో ఏర్పడుతుంది. ఇప్పుడు భూతద్దం మునిగేదాకా నీళ్లు పోయండి. దూరం అదే 15, కానీ నాభ్యంతరం ఇప్పుడు 40. బిళ్ల నాభికి లోపలే ఉంది. తలకిందుల బొమ్మ మాయమై, నిటారుగా, ఒకటిన్నర రెట్లు పైచిలుకు పెద్దదైన బిళ్ల కనిపిస్తుంది. బొమ్మ తిరగబడడమే సాక్ష్యం, స్కేలు కూడా అవసరం లేదు.

ఇక్కడ విద్యార్థులు తరచు చేసే పొరపాటు ఒకటి చెప్పాలి. గాలిలో 0.5 ఉన్న తేడా నీళ్లలో 1.5 − 1.333, అంటే 0.167 అయింది, మూడో వంతుకు తగ్గింది కాబట్టి 20 కాస్తా 60 అవుతుందని రాసేస్తారు. పరీక్షలో అది తప్పు. ద్రవం గుణకంతో భాగించడం వదిలేశారు. కానీ ఆ 60 పూర్తిగా అర్థంలేని సంఖ్యేమీ కాదు. డయాప్టర్లలో చెప్పే సామర్థ్యం తేడాకే అనుపాతంలో ఉంటుంది. అది నిజంగానే మూడో వంతుకు తగ్గింది. నాభి దూరం కావాలంటే ద్రవం గుణకాన్ని సామర్థ్యంతో భాగించాలి, అప్పుడు మళ్లీ 80 వస్తుంది. కంటి వైద్యుల లెక్కలకూ పాఠ్యపుస్తకం లెక్కలకూ పొంతన కుదరలేదని తికమకపడే వారికి చిక్కుముడి ఇక్కడే ఉంటుంది.

నీటిలోని గాలిబుడగ గుండ్రంగా ఉన్నా పుటాకార కటకమే

బుడగ రెండు వైపులా ఉబ్బే ఉంటుంది. ఆకారం చూస్తే కుంభాకారం. కానీ లోపల గాలి, బయట నీళ్లు. m విలువ 0.75. పూస సూత్రంలో వేస్తే −1.5R వస్తుంది, అంటే కాంతిని చెదరగొడుతుంది. అదే నీటిబొట్టు గాలిలో ఉంటే +2R, కాంతిని కూడగడుతుంది. కాబట్టి మధ్యలో మందంగా ఉంటే కుంభాకారం, కాంతిని కూడగడుతుంది అని బట్టీపట్టిన వాక్యానికి ‘చుట్టూ ఉన్నదాని కంటే కటకం గుణకం ఎక్కువైతే’ అన్న షరతు తగిలించాలి.

నూనెలో మాయమయ్యే గాజు

ఇంట్లో చేయదగ్గదన్నది ఇదే. ఎన్‌సీఈఆర్‌టీ పన్నెండో తరగతి పుస్తకంలో ఒక గారడీవాడి లెక్క ఉంది. 1.47 గుణకం ఉన్న గాజు కటకాన్ని ఏదో ద్రవంలో ముంచి మాయం చేస్తాడు. ఆ ద్రవం ఏమై ఉంటుంది, నీళ్లేనా అని ప్రశ్న. నీళ్లు కావు, గ్లిజరిన్ కావచ్చు. గ్లిజరిన్ గుణకం 1.47.

బొరోసిల్ రకం గాజు, అంటే బోరోసిలికేట్ గాజు, గుణకం కూడా సుమారు 1.47. పొద్దుతిరుగుడు నూనె గుణకం దాని దగ్గర్లోనే ఉంటుంది. ప్రయోగశాలలో కలిపే సన్నటి గాజుకడ్డీని గానీ, చిన్న పరీక్షనాళికను గానీ నూనె నింపిన గ్లాసులో నిలబెట్టండి. మునిగిన భాగం దాదాపు కనిపించకుండా పోతుంది. పరీక్షనాళిక అయితే లోపల కూడా నూనె నింపాలి. ఖాళీగా ఉంచితే లోపలి గాలి దాన్ని పట్టిస్తుంది. మామూలు కిటికీ గాజు గుణకం 1.52 కాబట్టి అదే నూనెలో అంచులు స్పష్టంగా కనిపిస్తూనే ఉంటాయి. ఇంట్లో ఉన్న గాజు ఏ రకమో తెలుసుకోవడానికి ఇదొక దారి.

పూర్తిగా మాయం కాకపోతే మిగిలే అంచులను శ్రద్ధగా చూడండి. సన్నటి రంగు గీతలు కనిపించవచ్చు. రామన్ సీసాలో జరిగిందే ఇక్కడా జరుగుతోంది. ఒక రంగుకు పొత్తు కుదిరింది, మిగతా రంగులకు కుదరలేదు.

రాళ్ల గుణకం కొలిచే భూగర్భ శాస్త్రవేత్తలకు ఈ మిగిలిన అంచే అసలు ఆధారం. రాతి రేణువును గుణకం తెలిసిన నూనెలో వేసి సూక్ష్మదర్శినిలో చూస్తారు. రేణువు అంచు వెంబడి ఒక తెల్లటి సన్నగీత కనిపిస్తుంది, దాన్ని బెకె రేఖ అంటారు. రేణువుకూ సూక్ష్మదర్శిని గొట్టానికీ మధ్య దూరం పెంచుతూ పోతే ఆ గీత గుణకం ఎక్కువున్న వైపు జరుగుతుంది. లోపలికి జరిగితే రేణువుది ఎక్కువ, బయటికి జరిగితే నూనెది ఎక్కువ. రేణువు చిన్న కటకంలా కాంతిని కూడగడుతోందా, చెదరగొడుతోందా అన్నదే ఆ గీత చెప్పేది. నూనెలు మార్చుకుంటూ పోయి, గీత కనబడని చోట ఆగితే గుణకం చేతికొచ్చినట్టే. రామన్‌కు రత్నాలు, ఖనిజాలంటే ఎంతో ఇష్టం. ఆయన పోగుచేసిన ఖనిజాల సేకరణ బెంగళూరులోని ఆయన సంస్థలో ఇప్పటికీ ఉంది. వజ్రానికి మాత్రం ఈ నూనెల పద్ధతి పనికిరాదు. దాని గుణకం 2.42. రత్నాల పరీక్షకులు వాడే మిథైలీన్ అయొడైడ్ 1.74 దగ్గరే ఆగిపోతుంది.

ఈతకొలనులో మన కంటి ముందరి పొర పని మానేస్తుంది

కంట్లో కాంతిని ఎక్కువగా వంచేది లోపలి కటకం అనుకుంటాం. కాదు, ముందున్న శుక్లపటలం, కార్నియా. దాని ముందు తలం వక్రతా వ్యాసార్థం సుమారు 7.7 మిల్లీమీటర్లు, గుణకం 1.376. గాలి నుంచి కాంతి వస్తే 0.376ను 0.0077తో భాగించాలి, దాదాపు 49 డయాప్టర్లు. వెనక తలం దగ్గర కార్నియా నుంచి కంటినీటిలోకి వెళ్తూ ఓ 6 డయాప్టర్లు పోతాయి. నికరంగా మిగిలేవి 43. మొత్తం కంటి సామర్థ్యం దాదాపు 60 అయితే అందులో మూడింట రెండు వంతులు ఈ ఒక్క పొరదే.

నీళ్లలో కళ్లు తెరిస్తే ముందువైపు గాలి పోయి 1.333 వస్తుంది. తేడా 0.043కు పడిపోతుంది, ముందు తలం సామర్థ్యం 6 డయాప్టర్లకు దిగుతుంది. వెనక తలం తీసేసే 6 అలాగే ఉంటాయి. ఆరులోంచి ఆరు పోతే కార్నియాకు మిగిలేదేమీ లేదు. లోపలి కటకం ఎంత ప్రయత్నించినా 43 డయాప్టర్ల లోటు పూడ్చలేదు. అందుకే అంతా మసక.

ఈత కళ్లద్దాలు చేసేది ఒక్కటే, కంటి ముందు మళ్లీ గాలి పొరను నిలబెట్టడం. వాటి గాజు చదును కాబట్టి సొంత సామర్థ్యం లేదు. అయితే నీళ్ల నుంచి గాలిలోకి వచ్చే కాంతి వంగుతుంది కాబట్టి వస్తువులు ఉన్న దూరంలో ముప్పాతికకు దగ్గరగా అనిపిస్తాయి.

చేపకు కార్నియా నీళ్లలో ఉపయోగపడదు. అందుకే దాని కటకం గోళీలా పూర్తి గుండ్రంగా ఉంటుంది, నాభ్యంతరం దాని వ్యాసార్థానికి సుమారు రెండున్నర రెట్లే. ఇంత బలమైన గోళాన్ని ఒకే గుణకం ఉన్న పదార్థంతో చేయాలంటే గుణకం 1.67 దాకా ఉండాలి, ఏ జీవపదార్థానికీ అంత ఉండదు. చేప కటకంలో అంచు నుంచి మధ్యకు పోయేకొద్దీ గుణకం క్రమంగా పెరుగుతుంది. కాంతి అంచుల దగ్గరే కాక లోపల దారి పొడుగునా వంగుతూ పోతుంది. ఒకే తలం సూత్రం ఇక్కడ చాలదు.

శుక్లం ఆపరేషన్‌లో పెట్టే కటకం మీద రాసిన పవరు గాలిలోది కాదు

బెంగళూరులో నూరేళ్లు దాటిన మింటో కంటి ఆసుపత్రిలోనైనా, మన ఊళ్లోని చిన్న ఆసుపత్రిలోనైనా శుక్లం తీసేశాక పెట్టే కటకం డబ్బా మీద 20 డయాప్టర్లు అని రాసి ఉందనుకుందాం. ఆ కటకాన్ని బయటికి తీసి గాలిలో కొలిస్తే దాదాపు 64 వస్తుంది. అచ్చుతప్పు కాదు. ఆ కటకం బతకవలసింది కంటినీటిలో, దాని గుణకం 1.336. పాతతరం గట్టి కటకాల ప్లాస్టిక్ గుణకం 1.49. గాలితో తేడా 0.49, కంటినీటితో తేడా 0.154. నిష్పత్తి మూడింతలకు కొంచెం పైన. డబ్బా మీద కంటిలోపలి లెక్కే రాస్తారు.

ఈ లెక్క ఎంత ముఖ్యమో మొదటి ఆపరేషన్లే చూపించాయి. రామన్, రామశేషన్ పూసలతో పనిచేసిన 1949లోనే, నవంబరు 29న, లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ మనిషి కంట్లో మొదటిసారి ప్లాస్టిక్ కటకం అమర్చారు. యుద్ధ విమానాల పైకప్పుకు వాడే పెర్‌స్పెక్స్ రకం ప్లాస్టిక్ అది. కన్ను దాన్ని సహించింది. కానీ తొలి రోగికి చాలా ఎక్కువ హ్రస్వదృష్టి వచ్చింది. ఎందుకొస్తుందో లెక్క వేయండి. సహజ కటకాన్ని సగటున 1.42 గుణకం ఉన్నదిగా తీసుకుంటే కంటినీటితో తేడా 0.084. అదే వంపులతో 1.49 ప్లాస్టిక్‌ను చెక్కితే తేడా 0.154, సామర్థ్యం దాదాపు రెట్టింపు. అంటే ప్రకృతి ఇచ్చిన వంపును నకలు చేయకూడదు, ప్లాస్టిక్‌కు తగినట్టు చదును చేసుకోవాలి.

ఇప్పుడు అసలు సమస్య. రెటీనా ఊడిన కొందరికి ఆపరేషన్‌లో కంటి వెనక గదిలోని జెల్లీ తీసి సిలికోన్ ఆయిల్ నింపుతారు. దాని గుణకం దాదాపు 1.40. ఇక కటకానికి ముందు కంటినీరు, వెనక నూనె. రెండు వైపులా ఒకే ద్రవం ఉండాలన్న షరతు పోయింది, కటక తయారీ సూత్రం చెల్లదు. తలం తలం లెక్కించాలి. రెండు వైపులా సమానంగా ఉబ్బిన 20 డయాప్టర్ల కటకమైతే ముందు తలానికి 10, వెనక తలానికి 10 ఉంటాయి, వంపు వ్యాసార్థం 15.4 మిల్లీమీటర్లు. వెనక నూనె రాగానే తేడా 1.49 − 1.40, అంటే 0.09 అవుతుంది. వెనక తలం సామర్థ్యం 6 కన్నా కాస్త కిందికి పడిపోతుంది. నాలుగు డయాప్టర్లకు పైగా పోయాయి. పైగా కాంతి ఇప్పుడు ఎక్కువ గుణకం ఉన్న నూనెలో ప్రయాణిస్తోంది కాబట్టి నాభి ఇంకా వెనక్కి జరుగుతుంది. రోగికి ఉన్నట్టుండి పెద్ద ప్లస్ పవరు అద్దాలు అవసరమవుతాయి. నూనె బదులు గ్యాసు నింపితే ఫలితం తిరగబడుతుంది. వెనక తలం దగ్గర తేడా ఒక్కసారిగా 0.49కు పెరిగి, గ్యాసు గుండా చూసేటప్పుడు కంటికి బాగా దగ్గర పెట్టిన వస్తువే కాస్త స్పష్టంగా కనిపిస్తుంది.

చదును తలం మాట గుర్తుంచుకోమన్నది ఇందుకే. నూనె నింపాల్సి రావచ్చని ముందే తెలిసిన కంటికి వెనకవైపు చదునుగా ఉన్న కటకం ఎంచుకుంటే, ఆ తలానికి సామర్థ్యమే లేదు కాబట్టి వెనక జెల్లీ ఉన్నా నూనె ఉన్నా పోయేది లేదు. నూనె గుణకం వల్ల వచ్చే మార్పు మాత్రం మిగిలి ఉంటుంది.

ఈ నూనెను సాధారణంగా కొన్ని నెలల తర్వాత తీసేస్తారు. తీసిన రోజు నుంచి ఆ కంటి పవరు మళ్లీ మారుతుంది. మీ ఇంట్లో ఎవరికైనా ఈ ఆపరేషన్ అయి ఉంటే, నూనె ఉన్నన్నాళ్లూ ఖరీదైన శాశ్వత కళ్లద్దాలు చేయించకండి. చూపు తగ్గిందని కంగారుపడే ముందు, నూనె ఎప్పుడు తీస్తారో, తీశాక పవరు ఎప్పుడు మళ్లీ చూస్తారో డాక్టరును అడగండి. చూపు అకస్మాత్తుగా మసకబారితే లేదా నొప్పి వస్తే మాత్రం అది పవరు లెక్క కాకపోవచ్చు, అదే రోజు చూపించండి.